సాయంత్రం 16, తెల్లారితే 19

కల్లాల దగ్గరికే వచ్చి వడ్ల తేమ చూసి చెప్పే మా చిన్న స్టార్టప్‌కు ఏడాది నిండింది. మీరు లేకుంటే ఇది తొలి సీజన్ కూడా దాటేది కాదు. అందుకు మీ అందరికీ దండాలు. అయితే ఈ రోజు లెక్కలు చదివి కూర్చోబెట్టను. ఏడాదిలో మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టిన ఒక చిక్కుముడి గురించి చెబుతాను. అది విప్పింది మేం ఒక్కళ్లమే కాదు, మీరూ ఉన్నారు.

కొడవలితో కోసిన రోజుల్లో తేమ గురించి ఇంత గొడవ లేదు. కోసిన పనలు మడిలోనే ఆరేవి, కుప్ప వేసి నూర్చేసరికి గింజ ఎండిపోయేది. ఇప్పుడు మిషన్ పొద్దున మడిలో దిగితే మధ్యాహ్నానికి వడ్లు ట్రాలీలో ఉంటాయి. కోత సులువైంది గానీ ఆరే రోజులు పోయాయి. సాగర్ ఎడమ కాలువ కింద మన దగ్గర కోసిన వడ్లలో తేమ 24, 25 శాతం ఉండటం మామూలే. కొనుగోలు సెంటర్‌లో మాత్రం 17 దాటకూడదు. మధ్యలో ఉన్న ఆ ఏడెనిమిది శాతం కోసమే రోడ్ల పక్కన పట్టాలు పరిచి మీరంతా కాపలా కాస్తున్నారు. ఒక మీటరు, ఒక బండి ఉంటే చాలు, ‘ఎత్తవచ్చు’ అనో ‘ఇంకో ఎండ కావాలి’ అనో చెప్పవచ్చని మేం బయలుదేరాం.

కష్టం మొదటి కోతల్లోనే వచ్చింది. ఒక అన్న రాశి సాయంత్రం చూస్తే 16 చూపించింది. ‘రేపు పొద్దున తీసుకుపో అన్నా’ అన్నాం. తెల్లారి సెంటర్‌లో 19 వచ్చింది. ట్రాక్టర్ కిరాయి, ఎత్తుడు కూలి, దించుడు కూలి అన్నీ ఆయన మీదే పడ్డాయి. మమ్మల్ని తిట్టలేదు. ‘మీ మిషన్‌కు కండ్లు కనపడతలేవు’ అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

మాకు ముందు తట్టింది అందరికీ తట్టేదే: మన మీటరు మంచిదే, తప్పు సెంటర్ మిషన్‌దే అయి ఉంటుందని. రెండు మిషన్లలో ఒకే గింజలు పోసి చూశాం. తేడా అర శాతం కూడా లేదు. అప్పు చేసి ఖరీదైన మీటరు తెచ్చాం, అదీ సాయంత్రం అదే మాట చెప్పింది. రాశి పైన ఒకచోట కాకుండా నాలుగు మూలలా, అడుగునుంచీ గింజలు తీశాం. దీనితో కొంత ఫలితం కనిపించింది. అంగుళం, అంగుళమున్నర మందాన పరచాల్సిన వడ్లను జాగా చాలక మందంగా పోస్తే పైవి ఎండుతాయి, కిందివి తడిగానే ఉంటాయి. కానీ పల్చగా పరిచి, అరగంటకోసారి కాలితో దున్నిన వడ్లలోనూ తెల్లారితే తేమ పెరుగుతూనే ఉంది. రాత్రి మంచు పట్టిందనుకుని పట్టా కప్పించాం. అయినా పెరిగింది.

అసలు సంగతి బయటపడింది మా మతిమరుపు వల్ల. సాయంత్రం చూసిన గింజల్ని గాలి చొరకుండా కవర్‌లో కట్టి, బండి డిక్కీలో మరిచిపోయాం. పొద్దున ఊరికే మీటర్లో పోశాం. సాయంత్రం 16 చూపించిన గింజలే ఇప్పుడు 19 చూపించాయి. మంచు లేదు, గాలి లేదు, కవర్ విప్పలేదు. మరి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆ రోజంతా పని ఆపి దీని మీదే పడ్డాం. అలాంటి కవర్లు మళ్లీ కట్టుకుని, తెలిసినవాళ్ల ల్యాబ్‌లో ఓవెన్ అడిగి పట్టుకున్నాం. సగం గింజలు సాయంత్రమే పిండి చేసి పది గ్రాములు తూచి, 130 డిగ్రీల వేడిలో రెండు గంటలు పెట్టాం. 8.1 గ్రాములు మిగిలింది. పోయిన 1.9 గ్రాములు నీళ్లే, అంటే 19 శాతం. మిగతా సగం తెల్లారి పెడితే మళ్లీ అంతే. నీళ్లు కొత్తగా రాలేదు, సాయంత్రం కూడా గింజలోనే ఉన్నాయి. మీటరుకే కనపడలేదు.

ఎందుకంటే మా మీటరు గింజల గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చూసి తేమ చెబుతుంది. ఎండకు గింజ పైపొర ముందు ఆరుతుంది, నడిమి నీళ్లు ఇంకా లోపలే ఉంటాయి. దండెం మీది బొంత పైకి ఆరినట్టే ఉండి, లోపల చెమ్మ దాచుకున్నట్టు. ఎండిన పొర కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి మీటరు తక్కువ చెబుతుంది. రాత్రి కప్పి ఉంచితే లోపలి చెమ్మ మెల్లగా పైకి వచ్చి గింజంతా సమానమవుతుంది. అప్పుడు చెప్పేదే నిజం. ఆ అన్న అన్నది నిజమే, మిషన్‌కు కండ్లు పైపొర వరకే.

ఈ తంటా మన ఒక్కరికే కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో బ్రౌన్, డువెల్ అనే ఇద్దరు 1907లో గింజల్ని నూనెలో కాచి, ఆవిరైన నీళ్లను కొలిచే పద్ధతి ప్రకటించారు. గంటల తరబడి ఓవెన్ ముందు కూర్చోలేకే ఆ దారి వెతికారు. తర్వాత వచ్చిన కరెంటు మీటర్లు ఆ పనిని నిమిషానికి దించాయి. కానీ ఆ తొందరలో ఇలాంటి లొసుగులూ వచ్చి చేరాయి.

అప్పటినుంచి ఎండలోంచి తీసిన వడ్లకు సాయంత్రం ‘ఎత్తవచ్చు’ అని చెప్పడం మానేశాం. రాత్రి కప్పించి, తెల్లారి చూసి చెబుతున్నాం. దీంతో రోజుకు చూసే కల్లాలు తగ్గాయి, మా రాబడీ తగ్గింది. ‘వీళ్లు పొద్దున్నే వస్తరు, ఆగుదాం’ అని మీరు ఓపిక పట్టబట్టే నిలబడ్డాం.

ఇంకో పాఠం ఒక అక్క అడిగిన ప్రశ్నతో వచ్చింది. పది క్వింటాళ్ల వడ్లు 24 నుంచి 17కు ఆరాయి. ఏడు శాతమంటే 70 కిలోలు తగ్గాలి, 84 ఎందుకు తగ్గాయని నిలదీసింది. ఎవరో దొంగిలించారని ఆమె అనుమానం. కాగితం మీద వేసి చూపించాం. పది క్వింటాళ్లలో నీళ్లు పోను గట్టి సరుకు 760 కిలోలు, అది మారదు. 17 శాతం తేమ ఉన్న రాశిలో గట్టి సరుకు నూటికి 83 వంతులు కాబట్టి మొత్తం 916 కిలోలు ఉండాలి. అంటే తగ్గేది 84 కిలోలే. అదే రాశిని భయంతో 14 దాకా ఎండబెడితే ఇంకో 32 కిలోలు పోతాయి. 2025-26లో ఏ-గ్రేడ్ మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు, ఆ లెక్కన 760 రూపాయల పైమాటే. ఎక్కువ ఎండితే మిల్లులో నూక కూడా పెరుగుతుంది. తడిగా తీసుకుపోతే వాపసు వస్తుందన్న భయం అందరికీ ఉంది, ఎక్కువ ఎండబెడితే పోయేదాన్ని మాత్రం ఎవరూ లెక్కేయరు. ఆ అక్క అడగకపోతే మేమూ వేసేవాళ్లం కాదు.

మా చేతిలో లేనివీ ఉన్నాయి. సెంటర్లో తాలు పేరుతో తీసే తరుగును మేం ఆపలేం. ముసురు పట్టి ఎండ రాకపోతే మీటరు ఏ దారీ చూపించదు, దానికి డ్రయ్యరే కావాలి. అది కొనే స్తోమత ఇంకా మాకు లేదు.

యాసంగి కోతలకు మళ్లీ వస్తాం. మాకు ఫోన్ చేసే ముందు ఒక్క పని చేయండి. సాయంత్రం రాశిని కుప్ప చేసి పట్టా కప్పండి, తెల్లారి మేం వచ్చేదాకా విప్పకండి.