వలీమా రోజు గేటు దగ్గర లెక్క: టాలీ కౌంటర్‌తో హాలు నిండకముందే తెలుసుకోవడం ఎలా?

ఫంక్షన్ హాల్లో వలీమా. కార్డులు 600 పంచారు. రాత్రి 8 గంటలకి ఇంటిపెద్దని "లోపల ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే "చాలామంది వచ్చారు, మాషా అల్లాహ్" అంటారు. వంటాయన ప్లేట్లు లెక్కేసి ఒక మాట చెప్తాడు, హాలు మేనేజర్ కుర్చీలు చూసి ఇంకో మాట చెప్తాడు. ఆ క్షణంలో లోపల నిజంగా ఎన్ని తలలున్నాయో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మంటో, షార్ట్ సర్క్యూటో జరిగితే తలుపుల్లోంచి బయటపడాల్సింది ఆ తలలే. 1995 డిసెంబరులో హర్యానాలోని డబ్వాలీలో, ఒక మ్యారేజ్ ప్యాలెస్‌లో జరిగిన స్కూలు ఫంక్షన్‌లో మంటలు లేచి 400 మందికి పైగా చనిపోయారు. చాలామంది పిల్లలే.

గేటు దగ్గర లెక్క పెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె పెరిగే ఇనుప టాలీ కౌంటర్ చాలు. నాలుగు అంకెలుంటాయి, పక్కన సున్నాకి తిప్పే మర ఉంటుంది. మన ఇళ్లలో ఉండే వేలి తస్బీహ్ కౌంటర్ వాడొచ్చు కదా అని అడుగుతారు. వద్దు. దాన్లో రీసెట్ బటన్ నొక్కే బటన్ పక్కనే ఉంటుంది. తోపులాటలో వేలు తగిలిందంటే రెండు గంటల లెక్క పోతుంది.

ముందు తెలియాల్సింది హాలు పరిమితి. అది హాలు వాళ్ల ఫైర్ అనుమతి కాగితంలో ఉంటే ఆ అంకే ఖాయం. సరిచూసుకోవాలంటే అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 101 కోడ్‌లో ఒక కొలత ఉంది: బల్లలు, కుర్చీలు వేసిన చోట మనిషికి 15 చదరపు అడుగులు. స్టేజీ, బఫే బల్లల జాగా తీసేశాక 7,500 చదరపు అడుగులు మిగిలితే 500 మంది. అయితే బయటికెళ్లే తలుపులు తక్కువగానో ఇరుకుగానో ఉంటే పరిమితి ఇంకా తగ్గుతుంది. రెండిట్లో చిన్న అంకెనే పట్టుకోవాలి.

ఇప్పుడు ఆ 500 హాలునే ఉదాహరణగా తీసుకుందాం. మధ్యలో పర్దా, మర్దానాకి ఒక తలుపు, జనానాకి ఒక తలుపు. వడ్డించేవాళ్లు, వీడియో వాళ్లు కలిపి 25 మంది ముందే లోపలున్నారు, వాళ్లని తీసేస్తే 475. లెక్కలో పొరపాటు జరగడం మామూలే కాబట్టి ఇంకో 25 వదిలేద్దాం. 450 దగ్గర గేటు ఆపాలి. ఈ అంకె దావత్ మొదలవ్వకముందే ఇంటిపెద్దతో ఒప్పించుకోవాలి. చుట్టాలు గేటు దగ్గర నిలబడ్డాక ఒప్పించడం మన వల్ల కాదు.

ఒక్కో తలుపు దగ్గర ఇద్దరు, చెరో కౌంటర్: ఒకరు లోపలికొచ్చేవాళ్లని, ఒకరు బయటికెళ్లేవాళ్లని లెక్కపెడతారు. జనానా తలుపు దగ్గర ఆడవాళ్లే ఉండాలి. గడప దగ్గర నేల మీద టేపు అంటించి, మనిషి ఆ గీత దాటినప్పుడే నొక్కాలి. దూరంగా వస్తున్నప్పుడు నొక్కితే వాళ్లు ఆగి పార్కింగ్ వైపు వెళ్లిపోవచ్చు. చంకలో పాప ఉన్నా ఒక తలే, రెండు తలుపుల దగ్గరా ఇదే రూలు. కౌంటర్ పట్టుకున్నవాళ్లు సలాములు చెప్పి చేతులు కలుపుతూ కూర్చుంటే లెక్క తప్పుతుంది. అందుకే పెళ్లివారి దగ్గరి బంధువుని ఈ పనికి పెట్టొద్దు. అరగంటకోసారి మనిషిని మార్చాలి, మారేటప్పుడు అంకె పైకి చదివి అప్పజెప్పాలి.

ఐదో మనిషి చేతిలో నోటుబుక్కు, ఫోను ఉంటాయి. ప్రతి 15 నిమిషాలకీ, నాలుగు అంకెలూ ఒకే నిమిషంలో అడిగి రాసుకుంటాడు. ఫోన్‌లో యాప్‌లు కూడా ఉన్నాయి, అన్ని గేట్ల లెక్కా ఒకే చోట కలిపి చూపిస్తాయి. కానీ వందల ఫోన్లున్న చోట నెట్ మొరాయిస్తుంది. నోటుబుక్కుకి ఆ బాధ లేదు.

8 గంటలకి మర్దానాలో లోపలికి 196, బయటికి 9. జనానాలో లోపలికి 171, బయటికి 6. మొత్తం వచ్చినవాళ్లు 367, వెళ్లినవాళ్లు 15, లోపల 352.

8:15కి మర్దానా 243, 24. జనానా 214, 22. అంటే 457లోంచి 46 పోగా 411.

ఇక్కడ 411 కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. 15 నిమిషాల్లో 59 మంది పెరిగారు, అంటే నిమిషానికి దాదాపు నలుగురు. 450కి ఇంకా 39 మందే. ఇంకో పది నిమిషాల్లో, 8:25కి ఆపాల్సొస్తుందని ఇప్పుడే తెలిసిపోయింది. ఆ పది నిమిషాల్లో బయట షామియానా కింద కుర్చీలు వేయించొచ్చు, షర్బత్ పెట్టించొచ్చు, తిన్నవాళ్లని "భాయ్, ఇంకో పంగత్ ఉంది" అని మర్యాదగా లేపొచ్చు. ఇక్కణ్ణుంచి అంకెలు 5 నిమిషాలకోసారి అడగాలి. 8:20కి 493, 62. లోపల 431. 8:25కి 521, 71. సరిగ్గా 450. గేటు ఆగింది. ఇక నుంచి ఎంతమంది బయటికొస్తే అంతమందే లోపలికి. వచ్చినవాళ్లనే లెక్కపెట్టి, వెళ్లినవాళ్లని వదిలేసి ఉంటే 521 చూసి కంగారుపడేవాళ్లం. అసలు లెక్కే లేకపోతే 8:25కి గేటు తెరిచే ఉండేది.

లెక్క చెడేది ఎక్కువగా బయటికెళ్లే వైపే. వచ్చేవాళ్లు నలుగురు నలుగురుగా వస్తారు, వెళ్లేవాళ్లు గుంపుగా వెళ్తారు. ఇషా నమాజ్‌కి మర్దానా వైపు 60 మంది ఒక్కసారే లేచి వెళ్లి, పావుగంటలో ఒక్కసారే తిరిగొస్తారు. ఆ రెండు సమయాల్లో తలుపు దగ్గర అదనంగా ఒక మనిషి ఉండాలి. వెళ్లేటప్పుడు నొక్కకుండా తిరిగొచ్చేటప్పుడు మాత్రం నొక్కితే ఆ 60 మందీ రెండుసార్లు లెక్కలోకొచ్చేస్తారు.

రెండో లొసుగు వంటింటి వైపు తలుపు. పార్కింగ్ అటువైపుంటే తెలిసినవాళ్లంతా అక్కణ్ణుంచే వస్తారు. దానికి తాళం మాత్రం వేయొద్దు. మంటలొస్తే అదే దారి. ఒక మనిషిని నిలబెట్టి, వచ్చేవాళ్లని ముందు గేటుకి పంపించాలి. అలాగే లెక్క కోసమని గేటుని తాళ్లతో, బరువైన బల్లలతో ఇరుకు చేయొద్దు. కాలితో తోస్తే పక్కకి జరిగే కుర్చీలు చాలు.

అనుమానం వస్తే ఒకసారి లోపల నడిచి చూడాలి. బల్లకి పది కుర్చీలు, ఎన్ని బల్లలు నిండాయి, ఎంతమంది నిలబడ్డారు. పుస్తకంలోని అంకెకీ దీనికీ 20, 30 తేడా ఉంటే నడిచి చూసిన అంకెనే తీసుకుని, తేడాని పక్కన రాసుకోవాలి. కౌంటర్లని సున్నాకి తిప్పకూడదు. తిప్పితే పాత అంకెలతో పోల్చడం కుదరదు.

హాలు ఖాళీ అయ్యాక చివరి అంకెలు కలపండి. లోపలికి 934, బయటికి 916 వస్తే, 18 మంది వెళ్లడం మనకి నమోదు కాలేదన్నమాట. అంటే పుస్తకం లోపలున్నవాళ్లని ఎక్కువ చేసి చూపింది, ప్రమాదం లేని వైపు తప్పు. దానికి తిరగేసి బయటికెళ్లినవాళ్లే 18 ఎక్కువ తేలితే, అంతమంది లెక్కలోకి రాకుండా లోపలికొచ్చారు. మనం 450 అనుకున్న వేళ హాల్లో 468 ఉండి ఉండొచ్చు. మనం వదిలిన 25లో అది సరిపోయింది. అదే తేడా 40 వస్తే, తర్వాతి దావత్‌కి గేటు ఆపే అంకె 450 కాదు, 430.