కంపెనీ సంస్కృతిని చదవడం: షైన్ చెప్పిన మూడు పొరలకు వ్యాఖ్యానం

అమెరికాలోని మేనార్డ్ అనే చిన్న ఊళ్లో, ఒక పాత ఉన్ని మిల్లు భవనంలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ నడిచేది. అందరూ దాన్ని డెక్ అనేవాళ్లు. కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1957లో 70,000 డాలర్ల పెట్టుబడితో దాన్ని మొదలుపెట్టారు. 1966లో ఎంఐటీ ప్రొఫెసర్ ఎడ్గార్ షైన్ అక్కడికి సలహాదారుగా వెళ్లాడు. పై అధికారుల సమావేశాలు సరిగ్గా సాగేలా చూడటం ఆయనకు అప్పగించిన పని. అక్కడ ఆయన చాలాకాలం అయోమయంలో పడ్డాడు. ఆ అయోమయంలోంచే, 1985లో వచ్చిన ఆయన పుస్తకంలోని మూడు పొరల సిద్ధాంతానికి చాలా ముడిసరుకు దొరికింది. ఇప్పుడు మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఆ మూడు పొరలను త్రిభుజంలా గీసి చూపించి వదిలేస్తారు. మాటలు గుర్తుంటాయి గానీ వాటిని ఎలా వాడాలో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కో మాటనూ అది పుట్టిన చోటే పెట్టి చూద్దాం.

కనిపించేవి

షైన్ వీటిని ఆర్టిఫాక్ట్స్ అన్నాడు. ఆఫీసులో అడుగుపెట్టిన మనిషి కంటికీ చెవికీ తగిలేవన్నీ ఇందులోకి వస్తాయి. గదులకు తలుపులున్నాయా, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు, మధ్యాహ్నం ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారు, మీటింగులో ముందు నోరు విప్పేది ఎవరు అన్నవే ఈ పొర.

డెక్‌లో తలుపులు తక్కువ, అడ్డుతెరల మధ్య బల్లలు. పెద్దవాళ్లకు వేరే భోజనశాల లేదు. మీటింగులో ఒకరు మాట ముగించకముందే ఇంకొకరు అందుకునేవారు, గొంతులు లేచేవి, కోపాలు వచ్చేవి. తరువాతి కాలంలో షైన్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సిబా-గైగీ అనే రసాయనాల, మందుల కంపెనీకీ సలహాలిచ్చాడు. అక్కడ అంతా దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేది. మూసిన తలుపులు, ముందే ఖాయం చేసుకున్న అపాయింట్‌మెంట్లు, పేరుకు ముందు డాక్టర్ అనే గౌరవం.

ఈ పొర సులువుగా కనిపిస్తుంది, చదవడమే కష్టం. డెక్ మీటింగు చూసినవాళ్లు వీళ్లకు మర్యాద తెలియదనుకుంటారు, సిబా-గైగీ వరండా చూసినవాళ్లు ఇక్కడ మనుషులు ఒకరికొకరు పట్టరనుకుంటారు. రెండూ చూసేవాడి సొంత అలవాట్లలోంచి పుట్టిన తీర్పులే. మన హైదరాబాద్ ఆఫీసుల్లో తరచూ కనిపించే ఒక దృశ్యం తీసుకోండి. మేనేజరు ప్లాన్ చెబుతాడు, అందరూ "సరే సార్" అంటారు, ఒక్క ప్రశ్న రాదు. కారణం భయం కావచ్చు. అసలు విషయం నిన్నే టీ దగ్గర తేలిపోయి ఉండవచ్చు. లేదా పదిమంది ముందు పెద్దవాడి మాట కాదనడం ఆయన్ని చిన్నబుచ్చడమే అన్న పట్టింపు కావచ్చు. మూడింటికీ మందు వేరు. భయమైతే మేనేజరు ముందుగా తన కోపాన్ని చూసుకోవాలి. టీ దగ్గర తేలిందైతే ఆ టీకి తనూ వెళ్లాలి. పెద్దరికం పట్టింపైతే అభిప్రాయాలను మీటింగుకు ముందే ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. మౌనాన్ని మాత్రమే చూసి మందు వేస్తే మూడింట రెండుసార్లు అది వికటిస్తుంది.

చెప్పుకునే విలువలు

ఎందుకిలా చేస్తున్నారని అడిగితే వచ్చే మొదటి జవాబు ఇది. గోడ మీది పోస్టరు, చేరిన రోజు ఇచ్చే పుస్తకం, చైర్మన్ ప్రసంగం కూడా ఈ పొరలోవే. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు గానీ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కొన్ని విలువలు కష్టకాలంలో పరీక్షకు నిలిచి నిజమైనవి, కొన్ని కోరికలు మాత్రమే. ఏది ఏదో తెలియాలంటే ఇబ్బంది కలిగినప్పుడు కూడా కంపెనీ ఆ విలువను పాటించిన సందర్భం ఉందా అని అడగాలి. డెక్‌లో అందరి నోటా వినబడే మాట "సరైనదే చెయ్యి" అని. బాస్ చెప్పింది తప్పనిపిస్తే ఎదురు చెప్పడం అక్కడ హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. అలా ఎదురు చెప్పినవాళ్లు ఉద్యోగాల్లో నిలిచారు. కాబట్టి అది పోస్టరు మాట కాదు.

పొంతన కుదరని చోటు

ఇది నాలుగో పొర కాదు, రెండో పొర నుంచి మూడో పొరకు దిగే మెట్టు. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. కంపెనీలో కొంతమందిని కూర్చోబెట్టి, కనిపించేవన్నీ ఒకవైపు, చెప్పుకునేవన్నీ ఒకవైపు రాయమనేవాడు షైన్. రెండూ కలిసే చోట్లను వదిలేసి, కలవని చోట్ల దగ్గర ఆగేవాడు. టీమ్‌వర్క్ మా ప్రాణం అని రాసి ఉంటుంది, ఇంక్రిమెంట్ మాత్రం ఒక్కొక్కరికీ విడివిడిగా ర్యాంకులేసి ఇస్తారు. అలాంటప్పుడు జనం నిజంగా దేన్ని నమ్మి రోజూ పనిచేస్తున్నారో ర్యాంకుల పట్టికే చెబుతుంది. వాళ్లను కపటులనడం తొందరపాటు. చాలావరకు ఆ పొంతన లేమి వాళ్ల కంటికే ఆనదు.

మూల నమ్మకాలు

ఒకప్పుడు పనిచేసి, మళ్లీ మళ్లీ పనిచేసి, చివరికి ఎవరూ ప్రశ్నించని స్థితికి చేరిన నమ్మకాలు ఇవి. వీటి మీద చర్చ జరగదు. ఇవి లేకుండా ఎవరైనా ప్రవర్తిస్తే వాడు వింతగానో పిచ్చిగానో కనిపిస్తాడంతే. సర్వే ఫారంలో ఇవి దొరకకపోవడానికి కారణం ఇదే. అడిగేవాడికి ఏం అడగాలో తెలియదు, చెప్పేవాడికి తను నమ్ముతున్నానన్న సంగతే తెలియదు.

షైన్ డెక్‌లో మొదట అందరూ చేసే పనే చేశాడు. ఒకరి మాటకు ఒకరు అడ్డు వస్తున్నారు, ఇలాగైతే మంచి ఆలోచనలు పోతాయి, కాస్త ఓపిగ్గా వినండి అని చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు, నిజమేనన్నారు, ధన్యవాదాలు చెప్పారు. తరువాతి మీటింగులో మళ్లీ అదే గోల. తెలివైనవాళ్లు సలహా ఒప్పుకుని కూడా మారకపోతే, ఆ ప్రవర్తనను ఇంకేదో లోపలి నుంచి నిలబెడుతున్నట్టు లెక్క. ఆయన దిద్దడం ఆపి చూడటం మొదలుపెట్టాడు.

అలా చూడగా మెల్లగా బయటపడినవి ఇవి. మంచి ఆలోచన ఎవరికైనా, ఏ హోదాలో ఉన్నవాడికైనా రావచ్చు. కానీ తన ఆలోచన మంచిదో కాదో ఒక్కడే తేల్చుకునేంత తెలివి ఎవరికీ, ఓల్సెన్‌కు కూడా, ఉండదు. దాన్ని అందరి మధ్యా పడేసి కుమ్మితే తట్టుకుని నిలిచిందే నిజం. ఈ మూడింటి అడుగున మరొకటుంది. మనమంతా ఒక కుటుంబం, ఎంత పోట్లాడినా ఎవరినీ బయటికి నెట్టరు. ఈ చివరిది లేకపోతే పై మూడూ నడవవు. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు బాస్ మీద గొంతు పెంచడు కదా.

ఇది తెలిశాక షైన్ చేసిన పని చాలా చిన్నది. లేచి వెళ్లి పెద్ద కాగితాల బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఎవరైనా చెబుతున్న మాటను మధ్యలో తెంచేస్తే, "మీరు చెప్పబోయింది ఏమిటి?" అని అడిగి దాన్ని బోర్డు మీద రాశాడు. పోట్లాట ఆగలేదు, ఆపాలని ఆయన చూడలేదు కూడా. కానీ ఆలోచన గాల్లో కలిసిపోకుండా అందరి కళ్ల ముందూ నిలిచింది, పోట్లాట దాని చుట్టూ సాగింది. వాళ్లకు ఉపయోగపడింది ఇదే. మర్యాద పాఠం వాళ్ల నమ్మకానికి అడ్డుపడింది, బోర్డు దానికి సాయపడింది.

ఇక్కడితో ఆపితే డెక్ కథ తీయగా ముగుస్తుంది. కానీ కంపెనీ పెరిగింది, ఉద్యోగులు లక్ష దాటారు. కొద్దిమంది ఇంజనీర్లుగా ఉన్నప్పుడు ఫలానావాడు తేదీ చెబితే రెండు నెలలు కలుపుకోవాలని ప్రతివాడికీ తెలుసు. లక్షమందిలో ఆ పరిచయం ఉండదు. నిజాన్ని తేల్చే పోట్లాట కాస్తా నా విభాగం, నీ విభాగం అన్న బేరంగా మారింది. ఎవరినీ నెట్టేయకూడదన్న నమ్మకం వల్ల ఓడిన ఆలోచనను చంపడం కూడా కష్టమైంది. ఐబీఎం 1981లో తన పీసీని తెచ్చాక, 1982లో డెక్ ఒకటి కాదు, మూడు డెస్క్‌టాప్ కంప్యూటర్లు తెచ్చింది. రెయిన్‌బో, ప్రొఫెషనల్, డెక్‌మేట్ 2 అన్నవి వాటి పేర్లు. మూడూ వేర్వేరు దారుల్లో తయారైనవి, ఒకదానితో ఒకటి పోటీపడినవి. ఏది మేలో మార్కెట్టే తేలుస్తుందన్నారు, మార్కెట్ ఐబీఎం వైపు వెళ్లింది. డెక్ పతనానికి ఇదొక్కటే కారణం కాదు. అయినా కంపెనీని నిలబెట్టిన నమ్మకమే తరువాత దాని కాళ్లకు అడ్డం పడిన తీరు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1992లో ఓల్సెన్ తప్పుకోవాల్సి వచ్చింది. 1998లో కాంపాక్ దాన్ని 960 కోట్ల డాలర్లకు కొనేసింది.

కొత్తగా వచ్చిన మేనేజరు

కంపెనీ సంస్కృతిని చదవడంలో కొత్త మేనేజరుకు ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది, కానీ అది త్వరగా చెల్లిపోతుంది. మొదటి కొన్ని నెలలు ప్రతిదీ వింతగా ఉంటుంది, ఆ తరువాత అలవాటవుతుంది. కాబట్టి తనకు చిరాకు పుట్టించిన ప్రతి సంగతినీ తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. తీర్పు రాయకూడదు, జరిగింది మాత్రమే రాయాలి. "బాధ్యత లేదు" అని కాదు, "మంగళవారం పంపిన నోట్‌కు శుక్రవారం దాకా జవాబు లేదు, ఎదురుపడినప్పుడు మాత్రం నవ్వుతూ మాట్లాడాడు" అని.

ఆ తరువాత ఏం చేయాలో షైన్‌కు సిబా-గైగీలో ఎదురైన చిక్కే చూపిస్తుంది. కంపెనీలో కొత్త ఆలోచనలు పెరగాలని పెద్దలే ఆయన్ని పిలిచారు. ఆయన పనికొచ్చే సంగతులు మెమోలుగా రాసి, విభాగాల అధిపతులందరికీ అందించమని కంపెనీలో తనతో వ్యవహారాలు చూసే అధికారికి ఇచ్చేవాడు. నెలల తరువాత చూస్తే ఆ మెమోలు ఎవరికీ చేరలేదు. వాటిని అందుకున్న ఆ అధికారి సోమరి కాదు, శత్రువు కాదు, షైన్ పనిని మెచ్చుకున్నవాడే. కొత్తదనం కావాలన్న విలువకూ, మెమో కదలకపోవడానికీ పొంతన లేదు. ఇక్కడే ఆగి అడగాలి.

ఎవరిని అడగాలన్నది ముఖ్యం. లోపలి మనిషి కావాలి, కానీ కాస్త విడిగా నిలబడి చూడగలవాడై ఉండాలి. వేరే విభాగం నుంచి మారివచ్చినవాడు, లేదా కొన్నాళ్లు బయట పనిచేసి తిరిగొచ్చినవాడు మంచి సాక్షి. అడిగే తీరు కూడా సూటిగా ఉండకూడదు. "మీవాళ్లు ఎందుకు పంచుకోరు?" అంటే ఎదుటివాడు సమర్థించుకుంటాడు. "నేను అడగకుండానే ఈ కాగితం మీ బల్ల మీద పెడితే మీకెలా ఉంటుంది?" అంటే లోపలిది బయటికొస్తుంది. సిబా-గైగీలో తేలింది ఇది. ఒక మేనేజరుకు అతని పని అతని సొంత ఇల్లు లాంటిది. పిలవకుండా సలహా పంపడమంటే చెప్పకుండా లోపలికి జొరబడటమే, అతనికి తన పని తెలియదని అనడమే. అడిగితే మాత్రం సంతోషంగా ఇస్తారు, తీసుకుంటారు.

ఈ ఊహ నిజమో కాదో పరీక్షించడం సులువు. అదే మెమోను ఒకరికి ఊరికే పంపి, ఇంకొకరికి విషయం చూచాయగా చెప్పి, ఆయన "అది ఓసారి పంపండి" అన్నాక పంపి చూడాలి. రెండోది చదివి మొదటిది మూలపడితే నమ్మకం దొరికినట్టే. ఒకే విభాగంలో దొరికినదాన్ని కంపెనీ అంతటికీ అంటగట్టకూడదు. అమ్మకాలవాళ్ల నమ్మకాలు వేరు, ఫ్యాక్టరీవాళ్లవి వేరు, అకౌంట్సువాళ్లవి వేరు. మెమో పరీక్షను అక్కడా విడిగా పెట్టి చూడాల్సిందే.