ఎంగిలి సంఖ్య

2010 డిసెంబర్ చివర్లో బెర్లిన్‌లో ఏటా జరిగే హ్యాకర్ల సభలో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే బృందం వేదికెక్కి, సోనీ సంస్థ తన ప్లేస్టేషన్ 3 సాఫ్ట్‌వేర్ మీద చేసిన డిజిటల్ సంతకాలను తెర మీద చూపించింది. ప్రతి సంతకంలో రెండు పెద్ద సంఖ్యలుంటాయి. ఏ రెండు సంతకాలు పక్కపక్కన పెట్టినా మొదటి సంఖ్య ఒకటే. లెక్క తెలిసినవాళ్లకు ఆ తర్వాత వివరణ అక్కర్లేదు. సోనీ రహస్యంగా దాచుకున్న తాళంచెవి, అంటే ప్రైవేట్ కీ, అప్పటికే వీధిలో పడింది.

ఆ సంతకాల పద్ధతి పేరు ఈసీడీఎస్ఏ. ఇందులో సంతకం చేసిన ప్రతిసారీ k అనే కొత్త యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించాలి. ఒకసారి వాడిన k ఎంగిలి విస్తరాకు లాంటిది, మళ్లీ వేయకూడదు. ఈ నియమం ఈసీడీఎస్ఏ కంటే పాతది. 1985లో తాహెర్ ఎల్‌గమాల్ తన సంతకాల పద్ధతిని ప్రచురించినప్పుడే k ఏదైనా రెండోసారి వాడొద్దని ఆ వ్యాసంలో హెచ్చరించాడు. పద్ధతి పుట్టిన నాడే దాని గండమూ జాతకంలో రాసి ఉందన్నమాట.

1991లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, ఎల్‌గమాల్ వంశానికే చెందిన డీఎస్ఏను ప్రతిపాదించి అభిప్రాయాలు అడిగింది. వాటిలో కొన్ని 1992 జూలైలో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో వచ్చాయి. ఆర్‌ఎస్ఏ సృష్టికర్తల్లో ఒకడైన రొనాల్డ్ రివెస్ట్ ఈ k మీదే గురిపెట్టాడు. వాడేవాడు తన కొంపకు తానే నిప్పు పెట్టుకునే వీలు ఒక ప్రమాణంలో ఉండకూడదన్నది ఆయన వాదన. ఆర్‌ఎస్ఏ మనిషికి సొంత సరుకు మీద మమకారం ఉండొచ్చు గానీ, మాట మాత్రం నిజం. తమాషా ఏమిటంటే, అదే పత్రికలో అవే అభిప్రాయాల మధ్య కెనడా గణితవేత్త స్కాట్ వాన్‌స్టోన్ డీఎస్ఏను ఎలిప్టిక్ కర్వ్‌ల మీద నడపొచ్చని సూచించాడు. ఈసీడీఎస్ఏ పుట్టుక అదే. అభ్యంతరం, అభ్యంతరకరమైన బిడ్డ ఒకే పత్రికలో పక్కపక్కనే.

సంతకం ఎలా తయారవుతుందో చూద్దాం. కర్వ్ మీద అందరికీ తెలిసిన బిందువు G ఒకటి ఉంటుంది. దాన్ని k సార్లు కూడితే వచ్చే బిందువు x విలువే సంతకంలోని మొదటి సంఖ్య r. r చూసి k ఎంతో వెనక్కి కట్టడం ఎవరి తరమూ కాదు. రెండో సంఖ్య s ఇలా వస్తుంది:

```
s = (z + r·d) / k   (mod n)
```

z అంటే సందేశం హ్యాష్, d రహస్య తాళంచెవి, n ఆ కర్వ్‌కు ముందే నిర్ణయమైన సంఖ్య. చూసేవాడికి r, s, z, n తెలుసు. తెలియనివి k, d. సమీకరణం ఒకటి, తెలియనివి రెండు. k అనే తెర లేకపోతే d బట్టబయలే. ఇంకో సంతకం దొరికితే ఇంకో సమీకరణం వస్తుంది గానీ, దానితోపాటు ఇంకో కొత్త k కూడా వస్తుంది. వెయ్యి సంతకాలు పోగేసినా వాడు ఒక్కటి తక్కువలోనే ఉంటాడు.

ఒకే k రెండుసార్లు వాడితే? సమీకరణాలు రెండు, తెలియనివి రెండే. మన పదో తరగతి పుస్తకంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అనే పాఠం ఉంటుంది. దాన్ని దాటి ఇక్కడ ఏమీ అక్కర్లేదు.

చిన్న కర్వ్ మీద చేసి చూద్దాం. y² = x³ + 2x + 2, లెక్కంతా mod 17లో, G = (5, 1). దీనికి n = 19. అంటే సంతకం లెక్క 19 అంకెల గడియారం మీద తిరుగుతుంది, 20 అంటే 1. రహస్యం d = 5 అనుకుందాం. బయటికి చెప్పే పబ్లిక్ కీ 5G, అంటే (9, 16). k = 10 తీసుకుంటే 10G = (7, 11), కాబట్టి r = 7. అదే k తో రెండు సందేశాల మీద సంతకం చేశాం:

```
z1 = 11   r = 7   s1 = 16
z2 = 9    r = 7   s2 = 12
```

ఇప్పుడు d, k తెలియనివాడి స్థానంలో కూర్చోండి. r రెండింట్లోనూ 7 కనిపించింది, k ఒకటేనని అనుమానం వచ్చింది. పై సూత్రాన్ని s·k = z + r·d అని తిప్పి రాసి, ఒకదాన్నుంచి మరొకటి తీసేస్తే r·d ఎగిరిపోతుంది. మిగిలేది (16 − 12)·k = 11 − 9, అంటే 4k = 2. గడియారం మీద 4 × 10 = 40, అంటే 2. కాబట్టి k = 10. ఇక మొదటి సంతకంలోకి వెళితే 16 × 10 = 160, అంటే 8. అందులోంచి 11 తీస్తే −3, అంటే 16. 7d = 16 కావాలి. 7 × 5 = 35, అంటే 16. d = 5. తాళంచెవి చేతికొచ్చింది. సరైనదేనా అన్న అనుమానమూ ఉండదు, 5G కట్టి చూస్తే పబ్లిక్ కీ (9, 16) వస్తుంది.

ఒక్క మెలిక ఉంది. 9G కూడా (7, 6) కాబట్టి దాని r కూడా 7. k కి, n − k కి r ఒకటే. అందుకని తీసివేతతో వచ్చిన జవాబు పబ్లిక్ కీతో కలవకపోతే, ఒక s గుర్తు మార్చి మళ్లీ కట్టాలి. నిజమైన కర్వ్‌ల మీద సంఖ్యలు వందల బిట్ల పొడవున ఉంటాయి, పని మాత్రం ఇదే: మూడు తీసివేతలు, ఒక గుణకారం, రెండు భాగహారాలు. కర్వ్ కఠినత్వాన్ని ఎవరూ విరగ్గొట్టలేదు. దాని పక్కనుంచి నడిచి వెళ్లారంతే.

సోనీ సంగతికొస్తే, ఒక తాళంచెవితో చేసిన సంతకాలన్నింటికీ k ఒకటే. యాదృచ్ఛిక సంఖ్య అడిగితే ఎప్పుడూ 4 ఇచ్చే ప్రోగ్రాం మీద ఓ కార్టూన్ ఉంది, ఆ బృందం సభలో దాన్నే వేసి నవ్వించింది. 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ ఒక మూల తాళంచెవిని బయటపెట్టాడు. సోనీ కోర్టుకెక్కింది, ఏప్రిల్‌లో రాజీ ప్రకటించారు. రాజీతో కేసు పోయింది గానీ లెక్క పోదు. అచ్చయిపోయిన రెండు సంతకాలను వెనక్కి తీసుకోలేరు.

2013 ఆగస్టులో బిట్‌కాయిన్ వంతు. ఆండ్రాయిడ్‌లో యాదృచ్ఛిక సంఖ్యల యంత్రానికి సరైన బీజం అందక, ఫోన్ వాలెట్లలో r మళ్లీ కనపడింది. అక్కడ సంతకాలన్నీ అందరూ చూసే ఖాతా పుస్తకంలోనే ఉంటాయి. ఒకేలా ఉన్న r లను వెతకడం దొంగకు జాబితాను క్రమంలో పెట్టడమంత తేలిక.

అదే నెలలో థామస్ పోర్నిన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6979 వెలువడింది. అందులో k కి పాచికలు అక్కర్లేదు. తాళంచెవిని, సందేశం హ్యాష్‌ను కలిపి నూరి k ను తీస్తారు. సందేశం మారితే k మారుతుంది. సందేశం అదే అయితే k అదే, సంతకమూ అదే. తీసివేస్తే సున్నా, దొంగకు కొత్త సమీకరణం ఉండదు.

అయితే k మొత్తంగా పునరావృతం కానక్కర్లేదు, కొంచెం పక్షపాతం ఉన్నా చాలు. ఆర్‌ఎఫ్‌సీ కంటే ముందునుంచే పాచికలు లేకుండా k ను తీస్తున్న పుట్టీ అనే ప్రోగ్రాంలో 2024 ఏప్రిల్‌లో అదే బయటపడింది. 521 బిట్ల కర్వ్‌కు k ను 512 బిట్ల హ్యాష్‌నుంచి తీసుకోవడంతో పైనున్న 9 బిట్లు ఎప్పుడూ సున్నాలే. ఈసారి పదో తరగతి లెక్క సరిపోదు, లాటిస్ అనే బరువైన గణితం కావాలి. సుమారు 60 సంతకాలు పోగుచేస్తే తాళంచెవి తేలుతుంది. 0.81 వెర్షన్‌లో తప్పు దిద్దారు. పాత వెర్షన్‌తో వాడిన ఆ రకం కీలన్నీ మాత్రం పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.