గాలి ఎటు తిరిగింది?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతున్నప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసు కాల్‌ని మ్యూట్‌లో పెట్టి, ఫోన్‌లో గాలి మ్యాపు చూస్తూ కూర్చున్నాను. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలు మధ్యాహ్నం ఫోన్ చేశారు. అమ్మ అడిగిన మొదటి మాట, "గాలి దక్షిణానికి తిరిగిందా నాన్నా?" పక్కనుంచి నాన్న అందుకున్నాడు. "దక్షిణం ఏంటే, తుఫాను దాటాక గాలి పడమరకి తిరిగిద్ది."

ఈ తగాదా నాకు కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇద్దరూ చెప్పేది ఒకే రోజు గురించి. 1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన అని మనందరం చెప్పుకునే తుఫాను. అప్పటికి అమ్మకి తొమ్మిదేళ్లు, నాన్నకి పన్నెండు. అమ్మది రేపల్లె తాలూకాలో, సముద్రానికి పన్నెండు కిలోమీటర్ల లోపల మురుగు కాలవ పక్కనున్న ఊరు. నాన్నది అద్దంకి దగ్గర నల్లరేగడి ఊరు. మిరప, పత్తి, కాస్త పొగాకు. రెండు ఊళ్ల మధ్య దూరం ఎనభై కిలోమీటర్ల పైమాటే. గాలి మొదట ఈశాన్యం నుంచి వచ్చిందని ఇద్దరూ ఒప్పుకుంటారు. తర్వాత ఎటు తిరిగిందన్న దగ్గరే పేచీ. చిన్నపిల్లల జ్ఞాపకం కదా, ఇద్దరిలో ఒకరు పొరబడుంటారని అనుకునేవాణ్ణి. ఆ రోజు మ్యాపులో బాణాలు తిరుగుతుంటే చూశాక తెలిసింది, ఇద్దరిదీ నిజమేనని.

బంగాళాఖాతంలో తుఫాను గాలి గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరుగుతుంది. పాత నావికులు వాడిన సూత్రం ఒకటుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం దాదాపుగా మన ఎడమ చేతి వైపు ఉంటుంది. 1977 తుఫాను మొదట పడమరగా సాగి, తీరానికి దగ్గరయ్యాక ఉత్తరానికి మళ్లి, 19వ తేదీన చీరాల–నిజాంపట్నం తీరాన్ని దాటింది. అంటే నాన్న ఊరు తుఫాను దారికి ఎడమ పక్క, అమ్మ ఊరు కుడి పక్క. కేంద్రం తనకి తూర్పుగా ఉత్తరానికి సాగిపోతుంటే, నాన్నకి గాలి ఉత్తరం, వాయవ్యం మీదుగా పడమరకి తిరగాలి. కేంద్రం తనకి పడమరగా పోతుంటే, అమ్మకి గాలి తూర్పు, ఆగ్నేయం మీదుగా దక్షిణానికి తిరగాలి. ఒకే తుఫాను, ఇద్దరు పిల్లలు, రెండు గాలులు.

ప్రాణాలు ఎక్కడ పోయాయన్నది కూడా ఈ తిరుగుడే తేల్చింది. నిజాంపట్నం నుంచి కృష్ణ ముఖద్వారం దాకా తీరం దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది. కుడి పక్కనున్న అక్కడ గాలి దక్షిణానికి తిరగ్గానే సముద్రాన్ని నేరుగా నేల మీదికి నెట్టింది. నీళ్లు దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచాయి. అధికారిక లెక్కలోనే సుమారు 10,000 మంది చనిపోయారు. ఎక్కువమంది దివిసీమ వాళ్లే. ఎడమ పక్క గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అటు ఉప్పెన లేదు. గాలి, వాన మాత్రమే.

వాన మాత్రమే అంటే నాన్న ఒప్పుకోడు. నవంబర్ నెలంటే మిరప తోట పూత మీదుంటుంది, పత్తి కాయ పగులుతూ ఉంటుంది. నల్లరేగడిలో నీళ్లు త్వరగా ఇంకవు. రెండు రోజులు నిలిస్తే వేళ్లకి గాలాడదు. ఆపైన ఎండ కాస్తే మొక్క నిలువునా వడలిపోతుంది. కాబట్టి వాన తగ్గిన గంటల్లోనే నీళ్లు బయటికి పంపాలి. తాతయ్య చేలో నీళ్లు వాగులో పడాలంటే దారిలో నాలుగు చేలు దాటాలి. ఎవడికి వాడు పైనుంచి గట్టు తెంపితే కింది చేను మునుగుతుంది. అందుకని వాగు పక్క గట్టు మొదట తెంపి, ఆ చేను కాస్త తీశాక దాని పై గట్టు, అలా కిందినుంచి పైకి రావాలి. అయిదుగురు రైతులూ ఒప్పుకుంటేనే అయ్యే పని. అందులో ఒకాయనకీ తాతయ్యకీ సరిహద్దు గొడవ ఉంది, మూడేళ్లుగా మాటల్లేవు. ఆయనే పార భుజాన వేసుకుని ముందు వచ్చాడట. రాత్రి పని సాగుతుంటే నాన్న గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి గాలి ఎంత భయపెట్టిందో నాన్న ఒక్క మాటలో చెప్తాడు. లాంతరు ఏ చేతిలో మారి ఏ చేతిలోకి వచ్చిందో మాత్రం పావుగంట చెప్తాడు. పడమటి గాలికి దీపం ఆరిపోకుండా తన వొంటిని అడ్డం పెట్టడానికట.

ఇక్కడే నాకో ఆలోచన వచ్చింది. గాలి దిక్కు అంత నమ్మకంగా గుర్తుంటే, దాన్ని పట్టుకుని ఆ రోజు జరిగిన మిగతా సంగతులు కూడా సరిచూడొచ్చు కదా అని.

అమ్మ కథలో ముఖ్యమైనది వాళ్ల డాబా. ఊళ్లో డాబాలు మూడే. ఊరికి దక్షిణాన దళితవాడ, మా వాళ్ల మాటల్లో 'పల్లె'. అక్కడివన్నీ తాటాకిళ్లు. "తుఫాను రోజు పల్లె వాళ్లూ మేమూ అందరం మా ఇంట్లోనే ఉన్నాం. పొద్దుటి నుంచీ లోపలే. అమ్మ అందరికీ గోనె సంచులు పంచింది కప్పుకోమని" అని అమ్మ చెప్పేది. ఒకాయన దక్షిణం తలుపుకి భుజం ఆనించి తెల్లార్లూ నిలబడ్డాడని కూడా చెప్పేది. ఆయన పేరు అమ్మకి తెలీదు.

పోయిన సంక్రాంతికి ఆ ఊరు వెళ్లినప్పుడు, ఆ తలుపు కాసినాయన కూతురు ఇంకా అక్కడే ఉందని తెలిసి వెళ్లి కూర్చున్నాను. తుఫాను నాటికి ఆవిడకి పదిహేనేళ్లు. అమ్మ చెప్పిందంతా చెప్పాను. నవ్వింది. "మీ అమ్మ చిన్నపిల్ల బాబూ, లోపల పడుకోనుంది, ఆమెకేం తెలుసుద్ది. మేం పొద్దున్నుంచీ దక్షిణం వరండాలో ఉన్నాం. గాలి తిరిగాకే లోపలికి రమ్మన్నారు."

రెండు మాటలు, సాక్ష్యం ఇంకేమీ లేదు. అయితే ఇల్లు ఇంకా ఉంది. వరండా దక్షిణానికి ఉంది, వెనక గోడలు ఉత్తరానికీ తూర్పుకీ. పొద్దున గాలి ఈశాన్యం నుంచి. అంటే ఇల్లు మొత్తం అడ్డం ఉండగా దక్షిణం వరండా మరుగున ఉంటుంది. తడిసినా, అక్కడ మనుషులు ఉండగలరు. సాయంత్రం గాలి ఆగ్నేయానికి, దక్షిణానికి తిరిగాక అదే వరండా ఊరి మొత్తంలోకీ ప్రమాదమైన చోటు. మురుగు కాలవ మీదుగా ఎదురెక్కిన ఉప్పునీళ్లు కూడా అటునుంచే వచ్చాయి. ఇక అక్కడ ఉండటం కుదరదు. తలుపు తియ్యాలి, లేకపోతే లేదు. ఆవిడ చెప్పిన క్రమం గాలి క్రమంతో అచ్చంగా సరిపోతుంది. గాలి ఎటు తిరిగిందో ఊళ్లో ఇంకో గుర్తు కూడా చెప్తుంది. చెరువు గట్టు మీది రావిచెట్టు ఉత్తరానికి కూలిందని అమ్మా, ఆవిడా ఇద్దరూ అన్నారు. గట్టిగా తోసిన గాలి దక్షిణం నుంచి వస్తేనే అలా పడుతుంది.

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమెకి గుర్తున్న దృశ్యం రాత్రిది. లోపల అందరూ ఉన్నారు, నిజమే. పొద్దుటి నుంచీ అన్నది మాత్రం తర్వాత వచ్చి చేరిన మాట అయ్యుంటుంది. తలుపు కాసినాయన సంగతి కూడా ఇప్పుడు వేరేగా అర్థమైంది. ఆ రాత్రి విరగబడింది దక్షిణం తలుపు మీదే. బయటినుంచి లోపలికి వచ్చిన వాళ్లే దాన్ని వంతులవారీగా మోశారు. ఆవిడ తండ్రి తెల్లారేదాకా కదల్లేదు. బావి చాంతాడు తెచ్చి గడియకీ కిటికీ ఊచలకీ కలిపి కట్టింది మా తాతయ్య. డాబా వాళ్లని కాపాడింది, వాళ్లు డాబా తలుపుని కాపాడారు. అమ్మ చెప్పే కథలో మొదటి సగమే ఉండేది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పిల్లలకి దిక్కుల పేర్లు తెలీవు, ఏ గోడ పడిందో, చెట్టు ఎటు కూలిందో తెలుసు. ఇళ్ల సందుల్లో గాలి వంకరపోతుంది కాబట్టి ఒక్క గుర్తుని నమ్మకూడదు. అన్నిటికంటే పెద్ద హద్దు ఇంకోటి. తలుపు ఎప్పుడు తీశారో గాలి చెప్తుంది. ఈశాన్యపు గాలి వీస్తున్నంత సేపూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఎందుకు తియ్యలేదో చెప్పదు. అది మాకు తెలిసిన సంగతే.

లేచి వస్తుంటే అడిగాను, లోపలికి వచ్చాక ఎలా ఉండిందని. "బానే చూశారు. మీ అమ్మమ్మ ఒకే కుండలో గంజి కాచి అందరికీ పోసింది. రెండు రోజులు. మూడో రోజు ఎండొచ్చింది, మా కుండ వేరే పెట్టారు" అంది. గొంతులో కోపం లేదు. ఎండొచ్చిందన్నంత మామూలుగానే ఆ మాట కూడా అంది.

గుంటూరు వచ్చి అమ్మకి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పేరేంటన్నావు?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది.

నాన్న మాత్రం తన గాలి పడమరకే తిరిగిందని తేలినందుకు సంతోషంగా ఉన్నాడు. ఆ పార పట్టుకొచ్చినాయన తర్వాత ఏమయ్యాడని అడిగితే నవ్వాడు. "ఏమవుతాడు, నీళ్లు తీశాక గట్టు మళ్లీ వేసేటప్పుడు జానెడు మా చేలోకి జరిపాడని మీ తాత మళ్లీ మాటలు మానేశాడు." మిరప మాత్రం ఆ ఏడు నిలబడిందట, అయిదు చేలల్లోనూ.