యంత్ర నిర్దేశ వాక్యం – తెలుగు నిర్మాణం: బొల్లారం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో శాస్త్ర సాంకేతిక అనువాద చరిత్రను ఎక్కువగా పరిభాషా చరిత్రగానే రాసుకున్నాం. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి, భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయంతో ప్రారంభించిన మాండలిక వృత్తి పదకోశం ఈ చరిత్రలో ప్రధాన ఘట్టాలు. చర్చ మాత్రం ప్రధానంగా పదం చుట్టూ సాగింది. ఏ మాటకు ఏ మాట సమానం, సంస్కృత పదం మేలా, వాడుక పదం మేలా అన్న ప్రశ్నలకు దక్కిన చోటు వాక్యానికి దక్కలేదు. యంత్రాల నిర్దేశ పత్రాల విషయంలో చిక్కంతా వాక్యంలోనే ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు బొల్లారం పారిశ్రామిక వాడ నేపథ్యాన్ని తీసుకుంటున్నాను.

సికింద్రాబాదు కంటోన్మెంటుకు చేరిన బొల్లారం వేరు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది పూర్వపు మెదక్ జిల్లాలో ఉండి, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన బొల్లారం. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ బాలానగర్‌లో నెలకొల్పిన మందుల కర్మాగారం తర్వాత హైదరాబాదు చుట్టూ ఔషధ ముడిపదార్థాల తయారీ విస్తరించింది. జీడిమెట్ల, పటాన్‌చెరులతో పాటు బొల్లారం కూడా ఆ విస్తరణలో భాగమే. ఈ పరిశ్రమకు గుండెకాయ రియాక్టర్. లోపలి గోడకు గాజు పూత ఉన్న ఉక్కు పాత్ర, దాని చుట్టూ జాకెట్ అనే రెండో తొడుగు, ఆ తొడుగులోకి అవసరాన్ని బట్టి ఆవిరి గాని చల్లని నీరు గాని పంపే గొట్టాలు, వాల్వులు. వీటి నిర్దేశ పత్రాలు ఇంగ్లీషులో వస్తాయి.

చట్టం తెలుగును ఎంతవరకు కోరిందో ముందుగా చూడాలి. 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం, కర్మాగారంలో ప్రదర్శించవలసిన నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ఉండవలసి ఉండేది. గేటు దగ్గరి నోటీసుకు వర్తించిన ఈ నియమం యంత్ర నిర్దేశ పత్రానికి వర్తించలేదు. అందువల్ల నోటీసు తెలుగులోకి వచ్చినా, నోటీసుకు మూలమైన నిర్దేశం ఇంగ్లీషులోనే నిలిచిపోవడానికి చట్టం అడ్డు చెప్పలేదు. ఆ రెంటి మధ్య దూరాన్ని ఎవరో ఒకరు అనువాదంతో పూడ్చవలసిందే.

ఆ అనువాదం ఎక్కడ తడబడుతుందో అదే చట్టంలోని 31వ సెక్షన్ స్పష్టంగా చూపుతుంది. పీడనంతో నడిచే యంత్రాలకు సంబంధించిన సెక్షన్ అది. దాని ఇంగ్లీషు నిర్మాణాన్ని ఉన్నదున్నట్లు అనుసరిస్తే తెలుగు ఇలా వస్తుంది: ‘ఏదేని కర్మాగారములో ఏదేని యంత్రసామగ్రి గాని అందలి ఏదేని భాగము గాని వాతావరణ పీడనమునకు మించిన పీడనము వద్ద నడపబడుచున్నయెడల, అట్టి యంత్రసామగ్రి యొక్క సురక్షిత పని పీడనము మించబడకుండుటకు సమర్థవంతమైన చర్యలు తీసుకొనబడవలెను.’ ఇందులో తప్పు పదం ఒక్కటీ లేదు. అయినా చదివినవాడికి ఎవరు ఏం చేయాలో తెలియదు. నడపబడు, మించబడు, తీసుకొనబడు అనే మూడు క్రియలకూ కర్త లేడు. ‘సురక్షిత పని పీడనం’ అన్న కూర్పులో పని సురక్షితమా, పీడనం సురక్షితమా అన్నది తేలదు.

ద్రావిడ భాషలకు నిజమైన కర్మణి ప్రయోగం లేదని కాల్డ్వెల్ 1856లోనే తన తులనాత్మక వ్యాకరణంలో అన్నాడు. తెలుగులో ‘పడు’ ధాతువు చేరిన కనబడు, వినబడు, నిలబడు వంటి మాటలు సహజమైనవే. కాని అవి కర్తను దాచవు, అసలు కర్త అవసరం లేని అకర్మక క్రియలవి. ‘కొండ కనబడింది’ అన్నప్పుడు ఎవరి చేత అన్న ప్రశ్న రాదు. ‘వాల్వు తెరవబడింది’ అన్నప్పుడు ఆ ప్రశ్న వెంటనే వస్తుంది. కాబట్టి ‘బడు’ వాక్యం కృతకంగా ఉందన్న శైలీ విమర్శతో ఆగడం చాలదు. అది ఒక సమాచారాన్ని అడుగుతూనే ఇవ్వకుండా వదిలేస్తుంది. సాంకేతిక పత్రంలో ఇది ఖచ్చితత్వానికి సంబంధించిన లోపం.

ఇంగ్లీషు కర్మణి రూపం ఒక్కటే చేసే పనిని తెలుగు కనీసం మూడు వేర్వేరు రూపాలతో చేస్తుంది. దీన్ని పరిశీలించడానికి నిర్దేశ పత్రాల తీరులో నేను కూర్చుకున్న ఒక వాక్యాన్ని తీసుకుందాం. ఇంగ్లీషు నిర్మాణాన్ని అంటిపెట్టుకున్న తెలుగులో దాని రూపం ఇది: ‘జాకెట్‌లోనికి ఆవిరి పంపబడుటకు పూర్వము శీతల జల ప్రవేశ నిర్గమ వాల్వులు మూయబడవలెను, జాకెట్ ఖాళీ చేయబడవలెను, మరియు జాకెట్ ఆవిరి ప్రవేశ భద్రతా వాల్వు నిర్ణీత పీడనము వద్ద తెరవబడవలెను.’

మొదటి భాగంలో ‘మూయబడవలెను’ అన్నదానికి రెండు అర్థాలున్నాయి. వెళ్లి మూయమని చెప్పడం ఒకటి, మూసిన స్థితిలో ఉండాలని చెప్పడం మరొకటి. ఇంగ్లీషు కర్మణి రూపం ఈ రెంటినీ ఒకే మాటలో ఇముడుస్తుంది. తెలుగులో ‘మూయాలి’ వేరు, ‘మూసి ఉండాలి’ వేరు. ఆవిరి తెరవబోయే ఆపరేటర్‌కు కావలసింది రెండోది. వాల్వును ముందు షిఫ్టువారు మూశారా, తాను మూశాడా అన్నది అక్కడ ముఖ్యం కాదు. ఆవిరి తెరిచే క్షణానికి అది మూసి ఉందో లేదో చూసుకోవడమే అతని బాధ్యత. 

రెండో భాగమూ ఇలాంటిదే. ‘జాకెట్ ఖాళీ చేయాలి’ అంటే డ్రెయిన్ వాల్వు తిప్పడంతో పని అయిపోయినట్లే. ‘జాకెట్‌లో నీరంతా పోయి ఉండాలి’ అంటే డ్రెయిన్ గొట్టం నుంచి ధార ఆగేదాకా ఆగాలి. జాకెట్‌లో మిగిలిన నీటి మీదికి ఆవిరి వస్తే గొట్టాల్లో సుత్తితో కొట్టినట్లు దెబ్బలు పుడతాయి. గాజు పూత ఉన్న పాత్రకు అదీ, హఠాత్తుగా మారే ఉష్ణోగ్రతా రెండూ ప్రమాదమే. చర్యను చెప్పడానికీ స్థితిని చెప్పడానికీ ఉన్న తేడా ఇక్కడ వ్యాకరణ సూక్ష్మంగా మిగలదు.

మూడో భాగంలో తేడా మరింత పెద్దది. భద్రతా వాల్వును ఎవరూ తెరవరు, పీడనం హద్దు చేరితే అదే తెరుచుకుంటుంది. తెలుగులో తెరుచు–తెరుచుకొను, మూయు–మూసుకొను, పగులగొట్టు–పగులు వంటి జంటలు ఈ భేదాన్ని క్రియలోనే పలుకుతాయి. ‘తెరవాలి’ అని అనువదిస్తే మనిషి చేయవలసిన పనిగా మారుతుంది. ‘తెరవబడాలి’ అంటే సందేహం అలాగే మిగులుతుంది. ‘తెరుచుకోవాలి’ అంటే యంత్ర ధర్మం తెలుస్తుంది. పైగా ఈ షరతు ఆపరేటర్‌కు సంబంధించింది కాదు, వాల్వును సరఫరా చేసి, అమర్చి, పరీక్షించేవారికి సంబంధించింది. ఇంగ్లీషు వాక్యం వీరందరినీ ఒకే కర్మణి రూపం కింద కలిపేసింది. కాబట్టి తెలుగులో ఇది రెండు వాక్యాలు కావడం మేలు.

ఇక నామపదాల దొంతర. దీన్ని విప్పడానికి మన వ్యాకరణంలోనే సాధనం ఉంది. ‘జాకెట్ ఆవిరి ప్రవేశ భద్రతా వాల్వు నిర్ణీత పీడనం’ అన్న కూర్పుకు విగ్రహవాక్యం రాస్తే, ‘జాకెట్‌లోకి ఆవిరి వచ్చే గొట్టం మీద ఉన్న సేఫ్టీ వాల్వు ఏ పీడనం దగ్గర తెరుచుకునేట్లు అమర్చారో ఆ పీడనం’ అవుతుంది. సమాసంలో లోపించిన విభక్తులు, క్రియలు తిరిగి వచ్చాయి. విగ్రహం రాయలేని దొంతర అనువాదకుడికి అర్థం కాలేదన్నమాట. అప్పుడు నిఘంటువు వైపు కంటే ఇంజనీరు వైపు వెళ్లడం మంచిది. తెలుగు మాటనూ తత్సమాన్నీ కలిపిన కూర్పులను సంప్రదాయ వ్యాకరణం వైరి సమాసాలని ఆక్షేపించింది. ఇక్కడ సమాసాన్నే విప్పుతున్నాం గనుక ఆ ఆక్షేపణకు అవకాశం తగ్గుతుంది. రియాక్టర్, జాకెట్, వాల్వు వంటి వాడుక మాటలు వాక్యంలో ఇబ్బంది లేకుండా ఇముడుతాయి.

అయితే విప్పడంలో ఒక హద్దు పాటించాలి. పీడనం అన్న మాటకు ముందున్న విశేషణమే అసలు విషయం. ఒక జాకెట్ మామూలుగా 3 కిలోల పీడనంతో నడుస్తుందనీ, సేఫ్టీ వాల్వును 4 కిలోలకు అమర్చారనీ, జాకెట్‌ను 6 కిలోలకు రూపకల్పన చేశారనీ అనుకుందాం. ఇక్కడ కిలోలంటే చదరపు సెంటీమీటరుకు కిలోలు. ‘పీడనం మించరాదు’ అని మాత్రమే రాస్తే ఈ మూడింటిలో ఏది హద్దో తెలియదు. నడిపే పీడనం, వాల్వు తెరుచుకునే పీడనం, రూపకల్పన పీడనం అని మూడు స్థిరమైన పేర్లు పెట్టుకుని, పత్రమంతటా వాటినే వాడాలి. పునరుక్తి దోషమని పర్యాయపదాలు మారిస్తే కావ్యానికి అందం వస్తుందేమో గాని, ఇక్కడ కొత్త పీడనం పుట్టినట్లవుతుంది. అలాగే ఆ 3 కిలోలు గేజీ చూపే లెక్కా, వాతావరణ పీడనాన్నీ కలిపిన లెక్కా అన్నది వదలకూడదు. గేజీ మీద 3 ఉంటే కలిపిన లెక్కలో సుమారు 4 అవుతుంది.

విధి రూపాల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు ప్రమాణ పత్రాల్లో ఆజ్ఞకు, సిఫారసుకు, అనుమతికి, సాధ్యతకు నాలుగు వేర్వేరు సహాయక క్రియలున్నాయి. తెలుగులో ‘ఆలి’ మొదటి రెంటికీ, ‘వచ్చు’ చివరి రెంటికీ వాడుకలో ఉన్నాయి. ‘ఆవిరిని ఆపవచ్చు’ అంటే అనుమతి, ‘పీడనం పెరగవచ్చు’ అంటే సంభావ్యత. ఆజ్ఞకు ‘ఆలి’, సిఫారసుకు ‘మంచిది’, అనుమతికి ‘వచ్చు’, సాధ్యతకు ‘అవకాశం ఉంది’ అని విడదీసుకుంటే సందేహం పోతుంది.

ఈ సూత్రాలతో 31వ సెక్షన్‌ను తిరిగి రాస్తే ఇలా ఉంటుంది: ‘కర్మాగారంలో ఏ యంత్రమైనా, దానిలో ఏ భాగమైనా వాతావరణ పీడనం కంటే ఎక్కువ పీడనంతో నడుస్తుంటే, దాన్ని నడపడానికి సురక్షితమైన పీడనం ఎంతో ఆ హద్దును అది దాటకుండా పనిచేసే ఏర్పాట్లు చేసి తీరాలి.’ ఇక్కడ కర్తను నేను చేర్చలేదు. 31వ సెక్షన్ కర్తను పేర్కొనదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే ఆక్యుపయర్, మేనేజరు బాధ్యులని 92వ సెక్షన్ చెప్పింది. కర్మాగారపు నోటీసులో ఆ ఆధారంతో ‘యాజమాన్యం’ అని కర్తను చేర్చవచ్చు. చట్టపాఠం అనువాదంలో చేర్చకూడదు. మూలం చెప్పని కర్తను ఊహించి చేర్చడం కూడా కర్తను దాచినంత దోషమే.

అనువాదం సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పై చర్చ నుంచే పరీక్ష దొరుకుతుంది. ప్రతి వాక్యానికీ ఎవరు చేయాలి, చేయవలసింది చర్యా లేక ఉండవలసింది స్థితా, హద్దు ఏది అన్న మూడు ప్రశ్నలు వేయాలి. మూలం ఇచ్చిన జవాబే తెలుగు వాక్యమూ ఇవ్వాలి. మూలమే జవాబు ఇవ్వని చోట అనువాదకుడు ఊహించకుండా పత్రం రాసినవారిని అడగాలి. అందువల్ల నిర్దేశ వాక్యాన్ని తెలుగు చేయడం ఇంగ్లీషు మూలాన్ని పరీక్షించే ప్రక్రియ కూడా అవుతుంది. మన పరిభాషా చరిత్రలో కారక, సమాస ప్రకరణాలకు దక్కని చోటును బొల్లారం వంటి పారిశ్రామిక వాడల అవసరం ఇప్పుడు అడుగుతోంది.