ఫోటో ఆధారంగా ట్రిమ్మర్, హెయిర్ డ్రయ్యర్ మోడల్ గుర్తింపు, విడిభాగాల ఎంపిక

జుట్టు కత్తిరించే మెషిన్‌కు కొత్త బ్లేడు కావాలన్నా, హెయిర్ డ్రయ్యర్‌కు పోయిన నాజిల్ బదులు మరొకటి తెచ్చుకోవాలన్నా ముందు తెలియాల్సింది దాని మోడల్ నంబరు. పెట్టె, బిల్లు రెండూ దొరకనప్పుడు ఫోటోయే ఆధారం. అయితే ఫోటోలోని ఆకారం, రంగు చూసి నిర్ణయానికి రావడం ప్రమాదం. ఒకే అచ్చులో తయారైన మెషిన్లు వేర్వేరు పేర్లతో బజారులోకి వస్తాయి. పేరు, రంగు ఒకటే అయినా లోపలి మోటారు వేరైన మోడళ్లూ ఉంటాయి. ఫోటోతో వెతికితే దొరికేది ఎక్కువగా ఆ పోలికే. నమ్మదగిన ఆధారాలు రెండు: లేబుల్ మీది రాత, విడిభాగం వచ్చి అతుక్కునే చోటు.

గృహోపకరణాల భద్రతా ప్రమాణాల ప్రకారం తయారీదారు పేరు లేదా గుర్తు, మోడల్ నంబరు, వోల్టేజి ఉపకరణం మీదే ఉండాలి. సెలూన్లలో వాడే క్లిప్పర్లకు అడుగువైపు, గడ్డం ట్రిమ్మర్లకు వెనకవైపు లేదా తల ఊడదీస్తే కనిపించే చోట, డ్రయ్యర్లకు పిడి మీద లేదా మోటారు భాగం పక్కన ఈ వివరాలు ఉంటాయి. రంగు పోయి అక్షరాల అచ్చు మాత్రమే మిగిలితే ఫ్లాష్ ఆపి, టార్చి వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని ఫోటో తీయాలి. ఎదురుగా పడే వెలుతురులో కనిపించని గాడులు నీడ పడి చదవడానికి వీలవుతాయి.

చాలామంది పొరపడేది ఛార్జరు దగ్గర. ట్రిమ్మర్ మీది రాత అరిగిపోతే ఛార్జరు మీది నంబరు పంపిస్తారు. కానీ అది ఛార్జరు సొంత నంబరు. ఉదాహరణకు ఫిలిప్స్ వారి HQ8505 అనే 15 వోల్టుల అడాప్టరును ఎన్నో షేవర్లకు వాడతారు. దాన్నిబట్టి షేవర్ ఏదో చెప్పలేం. అడాప్టరు మీద R- తో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరుదీ ఇదే కథ. HP8100/46 లాంటి నంబర్లలో గీత తర్వాతి అంకెలను కూడా వదలకుండా రాసుకోవాలి. ఏ దేశానికి, ఏ రూపాంతరంలో వచ్చిందో తెలిపేవి అవే.

లేబుల్ సగమే దొరికినప్పుడు ఏం చేయాలో తెలుసుకోవడానికి వాల్ సంస్థ మ్యాజిక్ క్లిప్ మంచి ఉదాహరణ. ఫోటోలో ముదురు ఎరుపు రంగు ఒళ్లు, పక్కన పొడవు మార్చే లీవరు, రెండు స్క్రూలతో బిగించిన బ్లేడు, ఆ పేరు కనిపిస్తున్నాయి. ఇంతవరకూ చూసి బ్లేడు ఆర్డరు పెడితే తప్పే అవకాశం ఉంది. ఎందుకంటే ఈ పేరుతో వైరు మీద నడిచే 8451, బ్యాటరీతో నడిచే 8148 రెండూ ఉన్నాయి. తేల్చుకోవడానికి రెండో ఫోటో అడుగు భాగానిది కావాలి. అక్కడ వైరు నేరుగా ఒంట్లోంచి వస్తే 8451. ఛార్జింగ్ పిన్ను గుచ్చే రంధ్రం ఉంటే 8148.

మూడో ఫోటో అన్నిటికంటే ముఖ్యం. మెషిన్ ఆపి, వైరు తీసి, రెండు స్క్రూలూ విప్పి బ్లేడు జతను వెనక్కి తిప్పి తీయాలి. వైరు మెషిన్‌లో విద్యుదయస్కాంతం ఒక చేతిని అటూ ఇటూ ఊపుతుంది. కదిలే బ్లేడు ఆ చేతికి తగులుకుంటుంది. బ్యాటరీ మెషిన్‌లో గుండ్రంగా తిరిగే మోటారు కొసన కేంద్రానికి పక్కగా ఒక పిన్ను ఉంటుంది. కదిలే బ్లేడు వెనక ఉన్న ప్లాస్టిక్ ముక్క గాడిలో ఆ పిన్ను ఆడి, తిరుగుడును పక్కలకు కదలికగా మారుస్తుంది. ముందునుంచి రెండు బ్లేడ్ల పళ్లూ ఒకేలా ఉన్నా వెనకవైపు ఒకటి కాకపోతే అవి మార్చుకోవడానికి పనికిరావు. 8148కు సరిపోయేది 2161 నంబరు బ్లేడు. దాని స్థిర బ్లేడు పళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఉంటాయి కాబట్టి ఫోటోలోనే గుర్తుపట్టవచ్చు.

సరైన బ్లేడైనా బిగింపు తప్పితే పని చెడుతుంది. కదిలే బ్లేడు పళ్ల కొసలు స్థిర బ్లేడు కొసలకంటే సుమారు ఒక మిల్లీమీటరు వెనక ఉండాలి. ముందుకు వస్తే చర్మం తెగుతుంది, మరీ వెనకపడితే జుట్టు తెగకుండా పీకుతుంది. స్క్రూలు సగం బిగించి, రెండు అంచులూ సమాంతరంగా ఉన్నాయని చూసుకున్నాకే పూర్తిగా బిగించాలి. నూనె వేసినా టకటకమని చప్పుడు వస్తున్నా, బ్లేడు పూర్తి దూరం ఆడకపోయినా వెనక గాడి కుదరలేదని అనుమానించాలి.

డ్రయ్యర్ విషయంలో నంబరు దొరక్కపోయినా పని కొంత సులభం. ఇక్కడ తెలియాల్సింది గాలి వచ్చే మూతి బయటి వ్యాసం, నాజిల్ పట్టుకునే పద్ధతి. కొన్ని నాజిళ్లు మూతి మీదికి నెట్టితే బిగుసుకుంటాయి, కొన్ని మూతి లోపలికి దిగుతాయి, కొన్నిటిని చిన్న మెట్లలో పెట్టి తిప్పాలి. మూతి అంచున మెట్లున్నాయో లేవో ఎదురుగా తీసిన ఫోటోలో తెలిసిపోతుంది.

వ్యాసం కొలవడానికి ఏటీఎం కార్డు చాలు. దాని పొడవు 85.6 మిల్లీమీటర్లు. కార్డును మూతి అంచుకు సమానమైన ఎత్తులో ఆనించి నేరుగా ఫోటో తీయాలి. ఫోటోలో కార్డు 1070 పిక్సెళ్లు, మూతి 587 పిక్సెళ్లు ఉన్నాయనుకుంటే, 587ను 1070తో భాగించి 85.6తో గుణిస్తే దాదాపు 47 మిల్లీమీటర్లు వస్తుంది. అదే కార్డును బల్ల మీద ఉంచి, మూతి దానికి రెండు సెంటీమీటర్లు పైన ఉండగా ముప్పై సెంటీమీటర్ల ఎత్తునుంచి తీస్తే మూతి ఏడు శాతం పెద్దదిగా కనిపించి 50 మిల్లీమీటర్లని లెక్క తేలుతుంది. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాకే నాజిల్ వదులై ఊడిపడుతుంది. స్కేలు దగ్గరుంటే నేరుగా కొలిస్తే ఈ తంటా ఉండదు.

సరిపోయిన ప్రతి నాజిలూ మంచిది కాదు. చీలిక మరీ సన్ననిదైతే గాలి లోపలే ఆగి, తీగచుట్ట చుట్టూ వేడి పెరుగుతుంది. అప్పుడు లోపలి థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. చల్లారాక డ్రయ్యర్ మళ్లీ నడుస్తుంది. వెనక జాలీలో దుమ్ము లేకపోయినా కొత్త నాజిల్ పెట్టినప్పుడు మాత్రమే ఇలా జరుగుతుంటే దాన్ని వాడకూడదు.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన డ్రయ్యర్ల ఫోటోల్లో లేబుల్ మీద 125 వోల్టులు, 1875 వాట్లు అని ఉండటం మామూలే. ఇలాంటిదానికి నాజిల్ వెతికే ముందు వోల్టేజి చూడాలి. రెండు వోల్టేజిల మధ్య మార్చే స్విచ్చి లేకపోతే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే దాని తీగచుట్ట మూడు రెట్లకు పైగా విద్యుత్తు లాగి కాలిపోతుంది.

చవకరకం గడ్డం ట్రిమ్మర్లలో చాలావాటికి బ్లేడు తల విడిగా అమ్మరు. మోడల్ నంబరు కచ్చితంగా తెలిసినా తయారీదారు విడిభాగాల జాబితాలో దువ్వెన, ఛార్జరు మాత్రమే కనిపిస్తే, పోలికగా ఉన్న మరో కంపెనీ తలను బలవంతంగా తొడగడం కంటే కొత్త ట్రిమ్మర్ కొనుక్కోవడమే మేలు.