బరాబర్ మ్యాచ్‌కి ఫైసలా ఎవరిది?

మొన్న మా అనంతపురం మొహల్లా కుర్రాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్ ఒకటీ ఒకటీ బరాబర్‌గా ఆగిపోయింది. మగ్రిబ్ అజాన్ దగ్గర పడింది, మైదానంలో లైట్లు లేవు. పెద్దలు రూపాయి బిళ్ల ఎగరేసి ఫైసలా చేసేశారు. ఓడిన జట్టులో మా అబ్బాయి ఉన్నాడు. "అబ్బా, మేం ఆటలో ఓడలేదు కదా, బిళ్లలో ఓడాం. ఇది ఇన్సాఫేనా?" అని రాత్రంతా అదే సవాల్. వాడికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నా.

మన పెద్దల జమానాలో జవాబు సీదాసాదాగా ఉండేది: మళ్లీ ఆడండి. 1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్ కేరళలోని కొల్లంలో జరిగింది. మన ఆంధ్రప్రదేశ్, ఎదురుగా బెంగాల్. ముకాబలా 1-1తో ఆగింది. అప్పటికి పెనాల్టీ షూటౌట్ అనే ఖానూనే లేదు, అది 1970లో వచ్చింది. కాబట్టి రెండు జట్లూ మళ్లీ మైదానంలోకి దిగాయి. ఈసారి ఆంధ్రా 1-0తో గెలిచింది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టిన రహీం సాబ్ 1963లోనే ఇంతెఖాల్ అయ్యారు, ఈ గెలుపు ఆయన చూడలేదు.

ఇన్సాఫ్ లెక్కన రీప్లేను మించింది లేదు, ఆటను ఆటతోనే తేలుస్తుంది. కానీ దానికి ఇంకో రోజు కావాలి, ఇంకోసారి ఖర్చు కావాలి, అలసిన కాళ్లు మళ్లీ లేవాలి. వరసగా మ్యాచ్‌లుండే పెద్ద టోర్నమెంట్‌లో అంత ఫుర్సత్ ఎక్కడిది?

అందుకని 1990లలో గోల్డెన్ గోల్ తెచ్చారు. ఎక్‌స్ట్రా టైంలో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే జీత్, ఆట అక్కడికక్కడే ఖతం. దీని తీపీ చేదూ రెండూ 2002 వరల్డ్ కప్‌లో సెనెగల్ చవిచూసింది. హెన్రీ కమారా గోల్డెన్ గోల్‌తో స్వీడన్‌ను ఇంటికి పంపింది. ఆరు రోజులకే క్వార్టర్ ఫైనల్‌లో టర్కీ ఆటగాడు ఇల్హాన్ మన్సిజ్ 94వ నిమిషంలో కొట్టిన గోల్‌తో తానే ఇంటిదారి పట్టింది. బదులు తీర్చుకోవడానికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు. జట్లు దూకుడుగా ఆడతాయని ఈ ఖానూన్ తెచ్చారు గానీ, ఒక్క గలతీతో అంతా పోతుందన్న ఖౌఫ్‌తో చాలా జట్లు వెనక్కి తగ్గి కాచుకోవడం మొదలుపెట్టాయి. 2004 తర్వాత దాన్ని తీసేశారు.

ఇక మిగిలింది షూటౌట్. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బరాబర్ చేశాడు. ఎక్‌స్ట్రా టైంలోనూ తేలలేదు. షూటౌట్‌లో హైదరాబాద్ గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మొదటి కిక్ ఆపాడు. తర్వాత నిషు కుమార్ కిక్కూ ఆపాడు. కానీ కిక్ కొట్టే క్షణంలో కీపర్ కనీసం ఒక పాదమైనా గోల్ లైన్ మీద ఉంచాలి. అతను ముందుకొచ్చేశాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు. కట్టిమణి దాన్నీ ఆపాడు! నాలుగేసి కిక్కులయ్యేసరికి స్కోరు 3-1. కేరళకు మిగిలింది ఒక్క కిక్కే, అది గోలైనా అందుకోలేదు. అందుకే ఐదో కిక్ అవసరమే పడలేదు.

దీన్ని కొందరు ఖిస్మత్ అంటారు. నేను ఒప్పుకోను. ఒకే కిక్‌ను రెండుసార్లు ఆపడంలో హునర్ లేదా? అలాగని పూర్తి ఇన్సాఫ్ అనీ అనలేను. పదకొండు మంది ఆట చివరికి ఒక కీపర్, ఒక కిక్కర్ మధ్యకు కుదించుకుపోతుంది. మరుసటి ఏడాది సెమీఫైనల్‌లో అదే హైదరాబాద్ అదే షూటౌట్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో 3-4తో ఓడింది.

క్రికెట్ సూపర్ ఓవర్‌దీ ఇదే కథ: ఆరు బంతులు, రెండు వికెట్లు పోతే ఇన్నింగ్స్ ఖతం. 2013లో ఉప్పల్‌లో బెంగళూరుతో టై అయితే సన్‌రైజర్స్ సూపర్ ఓవర్‌లో 20 కొట్టి గెలిచింది. 2020లో కోల్‌కతా మీద మూడే బంతుల్లో రెండు వికెట్లూ పోగొట్టుకుని 2 పరుగులకే ఆగిపోయింది, ఓడింది.

మా అబ్బాయికి ఇదంతా చెప్పి అన్నాను: "బేటా, ఏ తరీఖా అయినా పూర్తి ఇన్సాఫ్ ఇవ్వదు. కానీ కిక్‌లో నీ పాదం ఉంటుంది, బిళ్లలో ఉండదు. ఇంకో మాట. ఏ తరీఖా అయినా ఆట మొదలయ్యే ముందే అందరికీ చెప్పాలి. మీ మ్యాచ్‌లో జరిగిన అసలు గలతీ అదే."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే వచ్చేసారి అసర్ కాగానే మొదలుపెడతాం అబ్బా. కిక్కులకు వెలుగు మిగలాలి కదా" అన్నాడు.